బొమ్మ కింద రాయాల్సిన మాట

పెయింటింగ్ అమ్మకానికి పెట్టినప్పుడు దాని కింద రాసే వివరణలో కొనేవారు నాలుగు సంగతులు వెతుకుతారు. ఏ రంగులతో, దేని మీద వేశారు? కొలతలు ఎంత? ఫ్రేమ్ ఎలాంటిది? ఇది ఫలానా చిత్రకారుడి చేతి పనే అనడానికి ఆధారం ఏమిటి? ఈ నాలుగింటిలో కొనేవారు తామే సరిచూసుకోగలిగేలా ఎన్ని రాస్తే ఆ వివరణకు అంత విలువ. ‘అద్భుతం’, ‘అపురూపం’ లాంటి మాటలు ఎన్ని చేర్చినా ఎవరూ సరిచూడలేరు కాబట్టి వాటివల్ల నమ్మకం పెరగదు.

మామూలుగా కనిపించే వివరణ ఇలా ఉంటుంది: ‘బోనమెత్తిన మహిళ. ఒరిజినల్ హ్యాండ్‌మేడ్ పెయింటింగ్. కాన్వాస్ మీద వేసినది. సైజు 2 బై 3. ఫ్రేమ్‌తో సహా. సర్టిఫికెట్ ఇవ్వబడును.’ ఇందులో అబద్ధం ఒక్కటీ లేకపోవచ్చు. అయినా కొనేవారికి తెలియాల్సినది దాదాపు ఏమీ తెలియదు. హైదరాబాద్‌లో ఉండే ఒక చిత్రకారిణి 2023లో వేసిన బొమ్మకు ఎవరో ఈ వివరణ రాశారనుకుని, ఒక్కో ముక్కనూ విప్పి చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

మొదటి చిక్కు ‘ఒరిజినల్’ అన్న మాటతోనే. ఇప్పుడు కాన్వాస్ మీద కంప్యూటర్ ప్రింటర్‌తో బొమ్మను అచ్చు వేయడం చాలా తేలిక. ఇంకు కాన్వాస్ నేతలోకి ఇంకి, నాలుగడుగుల దూరం నుంచి చూస్తే రంగు వేసినట్టే ఉంటుంది. కొందరు అంతటితో ఆగరు. ప్రింట్ మీద పారదర్శకమైన జెల్‌ను కుంచెతో పూసి గీతలు తేలేలా చేస్తారు. చేతితో తాకితే గరుకు తగులుతుంది. దీనికి ‘చేతితో మెరుగుపరిచినది’ అని పేరు. ఆ పేరుతోనే అమ్మితే తప్పు లేదు. ఆ సంగతి దాచి ‘ఒరిజినల్’ అంటేనే మోసం.

తేడా పట్టుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. నగలు చూసేవాళ్లు వాడే పదింతల భూతద్దం చాలు. ప్రింట్ అయితే చెంప రంగులో, చీర ఎరుపులో, ఆకాశంలో అన్నిచోట్లా ఒకే రకమైన సన్నని చుక్కలు కనిపిస్తాయి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు కలిసే ఆ రంగులన్నీ పుడతాయి. కుంచెతో వేసిన రంగులో చుక్కలుండవు. ఒక రంగు ఇంకో రంగు మీదికి ఎక్కిన అంచు, కుంచె వెంట్రుకలు లాగిన గాళ్లు, అక్కడక్కడా అడుగు పూత తొంగిచూడటం కనిపిస్తాయి. జెల్ పూసిన ప్రింట్‌ను గుర్తించడానికి బొమ్మకు ఒక పక్కనుంచి టార్చిలైటు వేయాలి. అసలు పెయింటింగ్‌లో తేలిన గీత రంగుతోపాటే నడుస్తుంది, రంగు మారినచోట గీత కూడా మారుతుంది. జెల్ గీతలకు కింది బొమ్మతో పొత్తు ఉండదు. ముక్కు అంచును, కొప్పును, కుండను పట్టించుకోకుండా అడ్డంగా సాగిపోతాయి. అందుకే మంచి వివరణలో పక్కనుంచి వెలుతురు వేసి తీసిన దగ్గరి ఫొటో ఒకటి తప్పక ఉంటుంది. అది నూరు విశేషణాల పని చేస్తుంది.

ప్రింట్లన్నీ తక్కువవేనని కూడా అనుకోకూడదు. మెదక్ ప్రాంతం నుంచి వచ్చిన కె. లక్ష్మా గౌడ్ ఎచింగ్‌లకు పెట్టింది పేరు. చిత్రకారుడే రేకు మీద గీసి, ఆమ్లంతో తొలిపించి, తన పర్యవేక్షణలో తీసిన అచ్చు కూడా అసలు కళాకృతే. అలాంటి వాటి అడుగున పెన్సిల్‌తో 12/50 లాంటి అంకె ఉంటుంది. యాభై అచ్చుల్లో ఇది పన్నెండోది అని దానర్థం. ఆ అంకె కనిపించినదాన్ని ‘పెయింటింగ్’ అని రాయకూడదు. ‘ఎచింగ్’ అనో ‘సెరిగ్రాఫ్’ అనో రాసి అంకె కూడా చెప్పాలి. పెయింటింగ్ ఒక్కటే ఉంటుంది, దానికి అంకె ఉండదు.

‘ఒరిజినల్’ విషయంలో తెలుగిళ్లలో తరచూ ఎదురయ్యే మరో చిక్కు రాజా రవివర్మ. ఆయన 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టి తన లక్ష్మీ, సరస్వతీ బొమ్మలను వేలాదిగా అచ్చు వేయించాడు. ఓలియోగ్రాఫ్‌లు అనే ఈ అచ్చులు తైలవర్ణ చిత్రాల్లా కనిపించేలా మెరుపు పూతతో వచ్చేవి. తాతల నాటి ఫ్రేమ్‌లో అలాంటిది ఉంటే ‘రవివర్మ ఒరిజినల్’ అని ఇంటివాళ్లు నిజంగానే నమ్ముతారు. దాన్ని ‘రవివర్మ ప్రెస్ ఓలియోగ్రాఫ్, కాగితం మీద’ అని రాయడమే సరైనది. పాత ఓలియోగ్రాఫ్‌లకూ సేకర్తలున్నారు, వాటికీ ధర ఉంది. అసలు రవివర్మ చిత్రమైతే వేరే సంగతి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం కింద ఆయన చిత్రాలను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. నూరేళ్లు దాటిన ఏ పెయింటింగ్‌కైనా ఇదే నిబంధన. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగువారికి అమ్మజూపేటప్పుడు ఈ ముక్క వివరణలో లేకపోతే డబ్బు చేతులు మారాక చిక్కు మొదలవుతుంది.

తరువాతిది మాధ్యమం. ‘కాన్వాస్ మీద వేసినది’ అంటే సగం మాటే. దేనితో వేశారన్నది మిగతా సగం. ‘కాన్వాస్ మీద యాక్రిలిక్’, ‘కాగితం మీద జలవర్ణాలు’, ‘బోర్డు మీద తైలవర్ణాలు’ అని ముందు ఆధారం, తర్వాత రంగు రెండూ రావాలి. ఇదేమీ లాంఛనం కాదు. బొమ్మను ఎలా చూసుకోవాలో, ఎక్కడ వేలాడదీయాలో ఈ ఒక్క ముక్కే చెబుతుంది. యాక్రిలిక్ గంటల్లో ఆరుతుంది. తైలవర్ణం పైకి కొన్ని రోజుల్లో ఆరినట్టున్నా లోపల ఆరడానికి నెలలు పడుతుంది. సంప్రదాయ పద్ధతిలో మామూలు మందం ఉన్న తైలవర్ణానికి ఆరు నెలల నుంచి ఏడాది ఆగి గాని చివరి వార్నిష్ వేయరు. పోయిన నెల వేసిన తైలవర్ణ చిత్రానికి ‘పూర్తిగా వార్నిష్ చేసినది’ అని రాసి ఉంటే, ఆ చిత్రం తైలవర్ణం కాకపోవచ్చు, లేదా వార్నిష్ తొందరపడి వేసి ఉండవచ్చు. రెండూ అడిగి తెలుసుకోవలసినవే.

‘మిక్స్‌డ్ మీడియా’ అన్న మాట కింద చాలా దాక్కుంటుంది. యాక్రిలిక్, ఇంకు, అతికించిన పాత పత్రిక ముక్కలు, బంగారు రేకు ఇలా ఏవేవి కలిశాయో విడివిడిగా రాయాలి. పత్రిక కాగితం వాడితే అది కాలక్రమంలో పసుపెక్కుతుంది. బంగారు రేకు అన్నది నిజం బంగారమా, ఇత్తడి రేకా, ఉత్త బంగారు రంగా అన్నది ధరనే మార్చేస్తుంది. బోనం బొమ్మలో ఆమె నగలు మెరుస్తున్నాయి. అక్కడ వాడింది బంగారు రంగు యాక్రిలిక్ అయితే ఆ మాటే రాయాలి.

మన సంప్రదాయ చిత్రాల దగ్గర మాధ్యమం చెప్పడంలో గందరగోళం మరీ ఎక్కువ. చేర్యాల పటాలకు పాత పద్ధతిలో ఖాదీ గుడ్డ మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత పూసి, ఆరాక ఎర్రటి నేల మీద బొమ్మ వేస్తారు. ఇప్పుడు బజారులో దొరికే రంగులు వాడేవారూ చాలామంది ఉన్నారు. అది తప్పు కాదు. వాడినది బజారు రంగు అయినప్పుడు ‘సహజ రంగులు’ అని రాయడమే తప్పు. కలంకారీలో ఈ తేడా ఇంకా పెద్దది. శ్రీకాళహస్తి పనివారు వెదురు కలంతో చేత్తో గీస్తారు. మచిలీపట్నం దగ్గరి పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. రెండూ అసలైన కలంకారీయే, రెండింటికీ గౌరవం ఉంది. అచ్చు గుడ్డను ‘చేత్తో గీసిన చిత్రం’ అంటేనే అబద్ధం. చేత్తో గీసిన దానిలో రెండు చిలుకలు అచ్చం ఒకేలా ఉండవు. ఒకదాని ముక్కు కాస్త వంగుతుంది, ఇంకోదాని తోక దగ్గర గీత మందమవుతుంది. అచ్చులో చిలుక ఎక్కడ చూసినా అదే చిలుక.

కొలతల దగ్గర చెప్పేది తక్కువే కానీ తగాదాలు ఎక్కువగా వచ్చేది అక్కడే. ‘2 బై 3’ అంటే అడుగులని అర్థం చేసుకోవచ్చు. కానీ నిలువు ఎంత, అడ్డం ఎంత? ఫ్రేమ్‌తోనా, లేకుండానా? మ్యూజియంలూ వేలం సంస్థలూ ముందు ఎత్తు, తర్వాత వెడల్పు రాస్తాయి. మందం చెప్పాల్సి వస్తే చివర. మన బజారులో చాలామంది వెడల్పు ముందు చెబుతారు. అందుకని ‘ఎత్తు’, ‘వెడల్పు’ అన్న మాటలు విడమరచి రాస్తే ఏ గొడవా ఉండదు. బోనం బొమ్మ నిలువుది. ఎత్తు 36 అంగుళాలు, వెడల్పు 24 అంగుళాలు, అంటే దాదాపు 91.5, 61 సెంటీమీటర్లు. విదేశాల్లో కొనేవారి కోసం సెంటీమీటర్లూ ఇవ్వడం మంచిది.

ఫ్రేమ్ వచ్చాక ఇదే బొమ్మకు మూడు కొలతలు ఏర్పడతాయి. రెండు అంగుళాల వెడల్పున్న చెక్క ఫ్రేమ్ వేశారనుకుంటే, దాని లోపలి గాడి కాన్వాస్ అంచును చుట్టూ పావు అంగుళం కప్పేస్తుంది. కాబట్టి కంటికి కనిపించే భాగం 35.5, 23.5 అంగుళాలు. ఫ్రేమ్ బయటి కొలత 39.5, 27.5 అంగుళాలు. గోడ మీద రెండు కిటికీల మధ్య 26 అంగుళాల జాగా ఉందని 24 అంగుళాల వెడల్పు చూసి కొన్న మనిషికి బొమ్మ పట్టదు. తప్పెవరిదన్న వాదన ఆ తర్వాత వస్తుంది. కాన్వాస్ కొలత, ఫ్రేమ్ బయటి కొలత రెండూ రాస్తే అసలు వాదనకే చోటుండదు. కాగితం మీది బొమ్మకైతే కాగితం కొలత ఒకటి, బొమ్మ వేసిన మేర ఇంకొకటి. నాలుగు వైపులా తెల్లని అంచు వదిలి ఉంటే ఈ రెంటికీ మూడు నాలుగు అంగుళాల తేడా వస్తుంది.

‘ఫ్రేమ్‌తో సహా’ అన్న రెండు మాటల్లో అమ్మేవారికి సుఖమే తప్ప కొనేవారికి సమాచారం లేదు. ఫ్రేమ్ టేకా, ఫైబరా? ముందు గాజు ఉందా, యాక్రిలిక్ షీటా? వెనుక కొక్కేలు, వైరు బిగించి ఉన్నాయా? గాజున్న ఫ్రేమ్‌ను కొరియర్‌లో పంపితే పగిలి, ఆ ముక్కలే బొమ్మను గీరేస్తాయి. అందుకని దూరం పంపే వాటికి యాక్రిలిక్ షీటు మేలు. కాన్వాస్ మీది తైలవర్ణానికి, యాక్రిలిక్‌కు సాధారణంగా గాజే అక్కర్లేదు. కాగితం మీది జలవర్ణానికి మాత్రం గాజు తప్పనిసరి.

కాగితం బొమ్మల ఫ్రేమ్‌లో ఒక లోపం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఫ్రేమ్ కట్టేవారు గాజును నేరుగా కాగితానికి ఆనించి బిగిస్తారు. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో వానాకాలం ఆ రెంటి మధ్య తేమ చేరి బూజు పడుతుంది. కొన్నిసార్లు రంగు గాజుకే అంటుకుపోతుంది. మధ్యలో మౌంట్ బోర్డు ఉంటే గాజుకూ బొమ్మకూ ఎడం ఉంటుంది. ఆ బోర్డు ఆమ్లం లేనిదై ఉండాలి. చవక బోర్డు కొన్నేళ్లకు కాగితం మీద కిటికీ అంచు వెంట గోధుమరంగు గీత వేస్తుంది. అది చెరగదు. ‘ఆమ్లం లేని మౌంట్, గాజుకు ఆనకుండా కట్టినది’ అని వివరణలో ఉంటే తెలిసిన కొనుగోలుదారుకు ఆ అమ్మకందారు మీద గురి కుదురుతుంది. తెలియనివారు కూడా అదేమిటని అడుగుతారు. ఫ్రేమ్ లేకుండా కాన్వాస్‌ను గొట్టంలో చుట్టి పంపుతామంటే ఆ సంగతీ ముందే చెప్పాలి. కొత్త యాక్రిలిక్‌ను రంగు బయటికి ఉండేలా వెడల్పాటి గొట్టానికి చుట్టవచ్చు. పాత తైలవర్ణాన్ని చుడితే పగుళ్లు ఖాయం.

ఇక అన్నిటికన్నా బరువైనది, ఇది ఎవరి చేతి పని అన్న ప్రశ్న. వేలం సంస్థలు ఈ చోట మాటలను చాలా ఆచితూచి వాడతాయి. చిత్రకారుడి పేరు మాత్రమే రాస్తే అది ఆయన వేసినదేనని సంస్థ పూచీ పడుతున్నట్టు. ‘ఆయనదని భావిస్తున్నది’ అంటే సందేహం ఉన్నట్టు. ‘ఆయన చిత్రాన్ని అనుసరించి వేసినది’ అంటే నకలు. ‘సంతకం చేసినది’ అనడానికీ ‘సంతకం ఉన్నది’ అనడానికీ కూడా తేడా ఉంది. మొదటిది చిత్రకారుడే చేశాడని చెబుతుంది. రెండోది బొమ్మ మీద ఆ పేరు కనిపిస్తోందని మాత్రమే చెబుతుంది. ఇంట్లో ఉన్న పాత బొమ్మ అమ్మేవారు కూడా ఈ మెట్లు పాటిస్తే చాలు. తమకు తెలిసిన మేరకే చెప్పి ఆగినవారిని ఎవరూ మోసగాడనరు.

సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే దానికి పెద్ద విలువ లేదు. కంప్యూటర్ ముందు పది నిమిషాలు కూర్చుంటే ఎవరైనా తయారుచేయవచ్చు. అది పనికివచ్చేది, ఎవరిచ్చారో తెలిసినప్పుడు, ఆ కాగితం ఈ బొమ్మకే చెందుతుందని చూపగలిగినప్పుడు. బతికున్న చిత్రకారుడి విషయంలో ఆయన సొంత సంతకంతో ఇచ్చినదే ఉత్తమం. అందులో బొమ్మ ఫొటో, పేరు, వేసిన సంవత్సరం, మాధ్యమం, కొలతలు, ఇచ్చిన తేదీ ఉండాలి. అన్నిటికీ మించి ఒక వరుస సంఖ్య ఉండి, అదే సంఖ్య కాన్వాస్ వెనుక కూడా రాసి ఉండాలి. ఆ సంఖ్య లేకపోతే అసలు సర్టిఫికెట్‌ను నకలు బొమ్మకు జతచేసి, అసలు బొమ్మను విడిగా అమ్ముకోవచ్చు.

చిత్రకారుడు కాలం చేసి ఉంటే బొమ్మ చేతులు మారిన చరిత్రే ఆధారం. గ్యాలరీ రసీదు, ప్రదర్శన కేటలాగులో అచ్చయిన ఫొటో, వెనుక అతికించిన ప్రదర్శన చీటీ, చిత్రకారుడితో నడిచిన ఉత్తరాలు ఈ కోవలోకి వస్తాయి. ‘1985లో చిత్రకారుడి దగ్గరే మా నాన్నగారు కొన్నారు, రసీదు ఉంది’ అన్న వాక్యం, ‘ఒక ప్రముఖుడి సేకరణ నుంచి’ అన్న వాక్యం కంటే ఎంతో గట్టిది. రసీదు పోయి ఉంటే పోయిందనే రాయాలి. మధ్యలో ఖాళీ ఉన్న చరిత్రను జనం నమ్ముతారు. ఖాళీయే లేకుండా అల్లిన చరిత్ర మీదే అనుమానం పుడుతుంది.

వెనుక వైపు ఫొటో చాలామంది పెట్టరు. నిజానికి ముందు వైపు కంటే ఎక్కువ చెప్పేది అదే. కాన్వాస్ బిగించిన చెక్క, మేకులు, రంగు ఊరిన మచ్చలు, చీటీలు, చేతిరాత అన్నీ అక్కడే ఉంటాయి. 1960ల నాటిదని చెప్పే బొమ్మకు వెనుక నిన్నమొన్నటి తెల్లని కాన్వాస్, తళతళలాడే స్టేపుల్ పిన్నులు కనిపిస్తే ప్రశ్న వేయాల్సిందే. మరమ్మతులో కాన్వాస్ మార్చి బిగించి ఉండవచ్చు. అలాగైతే ఆ మరమ్మతు సంగతి వివరణలోనే ఉండాలి. పగుళ్లు, రంగు రాలిన చోట్లు, తర్వాత దిద్దిన భాగాలు కూడా దాచకూడదు. దిద్దిన చోట్లు అతినీలలోహిత దీపం కింద తరచూ నల్లని మచ్చల్లా కనిపిస్తాయి, కనుక దాచినా ఎప్పుడో ఒకప్పుడు బయటపడతాయి.

చాలా వివరణల్లో అసలే లేని సంగతి కాపీరైటు. పెయింటింగ్ కొన్నంత మాత్రాన దాన్ని క్యాలెండర్ల మీద, టీషర్టుల మీద అచ్చు వేసుకునే హక్కు రాదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాతపూర్వకంగా బదలాయిస్తే తప్ప ఆ హక్కు చిత్రకారుడి దగ్గరే ఉంటుంది. డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న బొమ్మ దగ్గర మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే తొలి హక్కుదారు. ఈ తేడా తెలియక చిత్రకారులు, కొనుగోలుదారులు ఇద్దరూ నష్టపోతుంటారు.

ఇవన్నీ పట్టించుకుని రాస్తే బోనం బొమ్మ వివరణ ఇలా ఉంటుంది: ‘బోనమెత్తిన మహిళ, 2023. కాన్వాస్ మీద యాక్రిలిక్, నగలకు బంగారు రంగు యాక్రిలిక్. ఒకే ఒక్క చిత్రం, ప్రింట్ కాదు. కాన్వాస్ ఎత్తు 36 అంగుళాలు, వెడల్పు 24 అంగుళాలు (91.5, 61 సెంటీమీటర్లు). టేకు ఫ్రేమ్‌తో ఎత్తు 39.5, వెడల్పు 27.5 అంగుళాలు. గాజు లేదు, వెనుక వైరు బిగించి ఉంది. కుడి అడుగున చిత్రకారిణి సంతకం, వెనుక పేరు, సంవత్సరం, వరుస సంఖ్య ఆమె చేతిరాతలో. అదే సంఖ్యతో ఆమె సంతకం చేసిన సర్టిఫికెట్. నేరుగా స్టూడియో నుంచి. ఎడమ పై మూలలో ఫ్రేమ్ కట్టేటప్పుడు పడిన చిన్న గీత ఉంది, ఫొటోలో చూడవచ్చు. కాపీరైటు చిత్రకారిణిది.’ దీనితోపాటు ముందు, వెనుక, అంచు, సంతకం, పక్క వెలుతురులో ఒక దగ్గరి దృశ్యం, ఆ గీత పడిన మూల ఫొటోలు ఉండాలి.

కొనేవారు చేయాల్సింది ఒక్కటే. డబ్బు పంపేముందు వెనుక వైపు ఫొటో అడగండి. ఏదో ఒక సాకు చెప్పి అది పంపనివారి దగ్గర, ధర ఎంత తక్కువైనా, కొనకండి.